ఆదివారం ఎన్ని కిలోమీటర్లు?

జూన్ మొదలైందంటే హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీదా గచ్చిబౌలి వైపూ తెల్లారకముందే పరుగెత్తేవాళ్లు కనిపిస్తారు. ఎండలు తగ్గాయన్నది ఒక కారణమైతే, క్యాలెండర్ రెండో కారణం. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో జరుగుతుంది. జూన్ తొలి రోజుల నుంచి అక్కడికి దాదాపు పన్నెండు వారాలు. 42 కిలోమీటర్ల పూర్తి మారథాన్‌కు అంత కొద్ది వ్యవధి చాలదు కానీ, ఇప్పటికే వారానికి నాలుగైదు రోజులు పరుగెత్తే మనిషి 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కు సిద్ధం కావడానికి సరిపోతుంది. వారం వారం దూరాన్ని ఎలా పెంచుకుంటూ పోతారన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

పరుగు బృందాల్లో కొత్తగా చేరినవారికి మొదట చెవిన పడేది పది శాతం సూత్రం. ఈ వారం 20 కిలోమీటర్లు పరుగెత్తితే వచ్చే వారం 22 దాటకూడదు, అంతే. తేలిగ్గా గుర్తుంటుంది, అత్యాశకు కళ్లెం వేస్తుంది. అందుకే దశాబ్దాలుగా నిలిచి ఉంది. అయితే దాన్ని అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో ఒకసారి లెక్కేసి చూడాలి. వారానికి 28 కిలోమీటర్లతో మొదలుపెట్టి ప్రతి వారం పది శాతం కలుపుతూ పోతే పన్నెండో వారానికి దాదాపు 80 కిలోమీటర్లు అవుతుంది. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ పరుగెత్తే మనిషి మూడు నెలల్లో మోయగలిగే బరువు కాదది. వడ్డీ మీద వడ్డీ పెరిగినట్టు దూరం పెరిగిపోతుంది. సూత్రంలో ఎక్కడ ఆగాలో మాత్రం ఉండదు.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు ఈ సూత్రాన్ని నేరుగా పరీక్షించారు. నాలుగు మైళ్ల పరుగుకు సిద్ధమవుతున్న 532 మంది కొత్తవారిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు పది శాతం పద్ధతిలో 13 వారాలు నెమ్మదిగా పెంచుకుంటూ పోయింది. రెండోది 8 వారాల మామూలు ప్రణాళికను పాటించింది. 2008లో ఫలితాలు వెలువడ్డాయి. రెండు జట్లలోనూ అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు. నెమ్మదిగా పెంచిన జట్టుకు ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు.

అంటే ఎలా పెంచినా ఒకటేనా? కాదు. 2025లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఈ చిక్కుముడిని కొంతవరకు విప్పింది. డెన్మార్క్ పరిశోధకుల ఆధ్వర్యంలో 5,205 మంది వాచీల్లో నమోదైన పరుగులను ఏడాదిన్నర పాటు గమనించారు. మూడోవంతుకు పైగా ఏదో ఒక గాయాన్ని నమోదు చేశారు. వారం మొత్తం దూరం కిందటి వారంకంటే ఎంత పెరిగిందన్నదానికీ గాయాలకూ స్పష్టమైన సంబంధం కనిపించలేదు. ఒక్క పరుగులో వెళ్లిన దూరానికి మాత్రం కనిపించింది. గత 30 రోజుల్లో వెళ్లిన అతి పొడవైన పరుగుకంటే పది శాతం మించి ఒకేసారి పొడిగించినప్పుడు గాయాల రేటు పెరిగింది. పది నుంచి ముప్ఫై శాతం ఎక్కువ వెళ్లినవారిలో 64 శాతం, రెట్టింపుకంటే ఎక్కువ వెళ్లినవారిలో 128 శాతం పెరిగింది.

ఇది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. గాయాలను పరుగెత్తినవారే స్వయంగా చెప్పారు, డాక్టరు పరీక్షించి తేల్చినవి కావు. పాల్గొన్నవారిలో ఎక్కువమంది మగవాళ్లు, నడివయసువాళ్లు. కాబట్టి దీన్నే ఆఖరి మాటగా తీసుకోలేం. అయినా పన్నెండు వారాల ప్రణాళిక వేసుకునే మనిషికి ఇందులో చాలా పనికొచ్చే సంగతి ఉంది. పది శాతం హద్దును వారం మొత్తానికి కాక, ఆదివారం లాంగ్ రన్‌కు పెట్టుకోవాలి. వారం మొత్తం ఆ లాంగ్ రన్‌ను మోయగలిగేంత ఉండాలి.

ఈ మాటను ఒక ఉదాహరణతో చూద్దాం. నలభైకి దగ్గరపడ్డ ఒక ఆఫీసు ఉద్యోగి అనుకుందాం. గత ఏడాదిగా పరుగెత్తుతున్నారు. మొదట చూడాల్సింది గత నాలుగు వారాల సగటు. ఏదో ఒక ఊపులో 40 కిలోమీటర్లు చేసిన వారం ఒకటి డైరీలో ఉండొచ్చు. అది పునాది కాదు. నాలుగు వారాలూ కలిపి నాలుగుతో భాగిస్తే 28 వచ్చింది, ఆ నెలలో అతి పొడవైన పరుగు 10 కిలోమీటర్లు. ఈ రెండు అంకెల మీదే ప్రణాళిక నిలుస్తుంది. సగటు 12 కిలోమీటర్లో, 15 కిలోమీటర్లో ఉన్నవారికి ఇది సరిపడదు. వాళ్లు ఈ పన్నెండు వారాలనూ 28కి చేరడానికి వాడుకుని, పోటీలో 10 కిలోమీటర్ల విభాగానికి పేరు ఇవ్వడం మేలు.

వారం రూపం మారదు. సోమవారం, శుక్రవారం విశ్రాంతి. మంగళ, బుధ, గురు, శనివారాల్లో ఈజీ రన్, ఆదివారం లాంగ్ రన్. మొదటి వారం ఈజీ రన్‌లు 5, 4, 5, 4 కలిపి 18, లాంగ్ రన్ 10, మొత్తం 28. అంటే మొదటి వారం ఏమీ పెరగలేదు. కావాలనే అలా పెట్టింది. ప్రణాళిక కాగితం మీదకు రాగానే కాళ్లకు కొత్త బలం రాదు. రెండో వారం 19కి 11 కలిపితే 30. మూడో వారం 20, 12 కలిపి 32. నాలుగో వారం తగ్గుతుంది. ఈజీ 16, లాంగ్ రన్ 8, మొత్తం 24.

అయిదో వారం 21కి 13 కలిపి 34. ఆరులో 22, 14 కలిపి 36. ఏడులో 23, 15 కలిపి 38. ఎనిమిదో వారం మళ్లీ తగ్గించి 18, 10 కలిపి 28. తొమ్మిదో వారం ఈజీ 23.5, లాంగ్ రన్ 16.5, మొత్తం 40. పదో వారం శిఖరం. ఈజీ రన్‌లు 7, 6, 7, 4 కలిపి 24, లాంగ్ రన్ 18, మొత్తం 42. అక్కడి నుంచి దిగుడే. పదకొండో వారం 18, 12 కలిపి 30. పన్నెండో వారం పోటీకి ముందు మూడు రోజుల్లో కలిపి 10 కిలోమీటర్లు, ఆదివారం 21.1.

మొత్తం కూడితే 393 కిలోమీటర్లు. అందులో ఆదివారాల వాటా 161 దాకా ఉంటే, మిగతా 232 పైచిలుకు ఈజీ రన్‌లదే. పోటీ రోజు ఫొటోల్లో కనిపించేది ఆదివారం శ్రమే అయినా, దూరంలో పెద్ద భాగం మాత్రం ఎవరూ చూడని మంగళ, బుధ, గురు, శనివారాల్లో పూర్తవుతుంది.

నాలుగో వారం 24 నుంచి అయిదో వారం 34కి వెళ్లడం శాతంలో చూస్తే 42 శాతం పెరుగుదల. పది శాతం సూత్రాన్ని నమ్మినవారు ఇక్కడ ఉలిక్కిపడతారు. వాచీలోని యాప్ కూడా ఎర్ర గుర్తు చూపొచ్చు. పోల్చాల్సింది తగ్గించిన వారంతో కాదు, అంతకుముందు పూర్తిగా చేసిన వారంతో. మూడో వారం 32 నుంచి 34కి పెరిగింది ఆరు శాతమే. ఎనిమిదో వారం 28 నుంచి తొమ్మిదో వారం 40 కూడా అంతే. ఏడో వారం 38తో పోల్చి చూడాలి. ఈ తేడా తెలియక కొందరు తగ్గించిన వారం తర్వాత 24 మీద పది శాతం కలిపి 26తో మళ్లీ మొదలుపెడతారు. అలా చేస్తే పన్నెండు వారాలు గడిచినా శిఖరం 32 దాటడం కష్టం.

ఇక అసలు ప్రశ్న. ప్రతి నాలుగో వారం ఎందుకు తగ్గించాలి? ఒంట్లో అన్నీ ఒకే వేగంతో బలపడవు. పరుగు పెంచిన కొద్ది వారాల్లోనే రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. నెల తిరిగేసరికి అదే దూరం సులువుగా అనిపిస్తుంది, ఆయాసం తగ్గుతుంది. ఎముక అలా కాదు. కొత్త భారం పడినప్పుడు ఎముక మొదట పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తదాన్ని నింపుకుంటుంది. రోడ్డు వేసేవాళ్లు ముందు పాతదాన్ని తవ్వినట్టే. తవ్వడానికి కొన్ని వారాలు, కొత్తది గట్టిపడడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఆ చోటు ముందుకంటే బలహీనంగా ఉంటుంది. స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లవంటివి, ఇవీ ఆలస్యంగానే గట్టిపడతాయి.

ఫలితంగా అయిదారు వారాలకు ఒక ప్రమాదకరమైన దశ వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ‘ఇంకో అయిదు కిలోమీటర్లు వెళ్లొచ్చు’ అంటాయి, కాలి ఎముక ఇంకా ఒప్పుకునే స్థితిలో ఉండదు. సైన్యంలో కొత్తగా చేరినవారికి శిక్షణ తొలి వారాల్లో కాలి ఎముకలు చిట్లడం చాలాకాలంగా తెలిసిన సమస్య. హాఫ్ మారథాన్‌కు సిద్ధమయ్యేవారిలో కూడా గాయాలు తరచుగా అలసట వల్ల కాక, ఒళ్లు బాగా సహకరిస్తున్నట్టు అనిపించిన రోజుల్లో చేసిన పని వల్ల వస్తాయి. స్నేహితుడు పక్కన పరుగెడుతుంటే 13 కిలోమీటర్లు అనుకున్నది 18 అవుతుంది. వాతావరణం చల్లగా ఉంటుంది, కబుర్లలో దూరం తెలియదు. వారం మొత్తం పెద్దగా మారకపోయినా ఆ ఒక్క ఉదయం మీద 38 శాతం అదనపు భారం పడింది.

ఈజీ రన్ ఎంత నెమ్మదిగా ఉండాలన్నది అన్ని బృందాల్లోనూ వాదన తెచ్చే విషయం. గుండె వేగం కొలిచే పట్టీ లేకపోయినా నోటి మాటే కొలత. పక్కవారికి ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే ఈజీ. మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం తగ్గించాలి. హాఫ్ మారథాన్‌ను రెండుంబావు గంటల్లో పూర్తి చేసేవారు, అంటే కిలోమీటరు ఆరున్నర నిమిషాల లోపు వెళ్లేవారు, ఈజీ రన్‌లో ఏడున్నర నిమిషాలు తీసుకున్నా తప్పు లేదు. జూలైలో ఉక్క ఎక్కువగా ఉన్న ఉదయం ఎనిమిది నిమిషాలైనా పరవాలేదు. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కిలోమీటర్ల లెక్క ఒకటే అయినా శ్రమ ఒకటి కాదు.

ఈజీ దూరంతో ఇలా గొప్ప పరుగు వీరులను తయారు చేసినవారిలో మొదట చెప్పుకోవాల్సింది న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్‌ను. ఆయన శిష్యులు వారానికి వంద మైళ్ల దాకా, ఎక్కువగా ఊపిరి ఆడే వేగంలోనే పరుగెత్తేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, అదే రోజు మరే హాల్బర్గ్ 5,000 మీటర్లలోనూ స్వర్ణాలు గెలిచారు. రెండే నిమిషాల్లో ముగిసే 800 మీటర్ల పరుగు కోసం స్నెల్ ఆదివారాల్లో 22 మైళ్ల కొండదారి పరుగు చేశారన్నది అప్పటివారికి వింత. ఆ వంద మైళ్లు మనకు అక్కరలేదు. రోజువారీ దూరం నెమ్మదిగా ఉంటేనే మరుసటి రోజు మళ్లీ పరుగెత్తగలం, అప్పుడే వారం మొత్తం పెరుగుతుంది అన్న ఆయన పద్ధతి మాత్రం 28 కిలోమీటర్ల మనిషికి కూడా వర్తిస్తుంది.

లాంగ్ రన్ వారం మొత్తంలో ఎంత భాగం ఉండాలన్న విషయంలో అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ కఠినంగా ఉండేవారు. పావు వంతు, మహా అయితే ముప్ఫై శాతం అనేవారాయన. పైన వేసిన ప్రణాళికలో అది మొదటి వారం 36 శాతం, పదో వారం 43 శాతం. తక్కువ దూరం పరుగెత్తేవారికి ఆ హద్దును పాటించడం సాధ్యం కాదు. 18 కిలోమీటర్లు ముప్ఫై శాతం కావాలంటే వారానికి 60 పరుగెత్తాలి. అందుకే ఇక్కడ రాజీ పడాల్సి వచ్చింది. ఆ రాజీ ప్రమాదకరం కాకుండా చూసేవి నాలుగు ఈజీ రన్‌లే. ఆఫీసులో పని ఎక్కువై మంగళ, బుధవారాలు వదిలేసి, ఆదివారం మాత్రం 18 పూర్తి చేస్తే ఆ వాటా 60 శాతం దాటుతుంది. వారం పొడుగునా పనిలేకుండా ఉన్న కాళ్ల మీద ఒక్క ఉదయం భారమంతా పడుతుంది. అలాంటి వారం ఆదివారం దూరాన్ని 12కో, 13కో తగ్గించుకోవాలి.

డేనియల్స్ చెప్పిన ఇంకో హద్దు మరింత ఉపయోగకరం. లాంగ్ రన్ రెండున్నర గంటలు మించకూడదు. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు తీసుకునేవారికి 18 కిలోమీటర్లు రెండుంబావు గంటల్లో అయిపోతుంది. ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకునేవారికి రెండున్నర గంటలు దాటుతుంది. వాళ్లు పదో వారంలో 17 దగ్గర ఆగడం మంచిది. ప్రణాళికలో రాసిన అంకె కోసం మరో కిలోమీటరు ఈడ్చుకుంటూ వెళ్తే వచ్చే లాభం తక్కువ. అలసిన కాళ్లతో అడుగు తీరు మారి మోకాలో, మడమో నొప్పి తెచ్చుకునే అవకాశం ఎక్కువ.

పన్నెండు వారాలూ రాసుకున్నట్టే నడిచేవి అరుదు. జూలైలో ఇంట్లో ఒకరికి వైరల్ జ్వరం వస్తే మిగతావారికీ వస్తుంది. ఒక ఈజీ రన్ తప్పితే దాన్ని మర్చిపోవాలి, మరుసటి రోజు రెండూ కలిపి చేయకూడదు. ఒక లాంగ్ రన్ తప్పితే, ఉదాహరణకు ఆరో వారం 14 పోతే, ఏడో వారం 15 కాదు, ఆ 14నే చేయాలి. చివరికి శిఖరం 18 బదులు 16.5 అవుతుంది. పోటీకి అది సరిపోతుంది. జ్వరంతో పది రోజులు పోతే, తగ్గిన తర్వాత మొదటి వారం సగం దూరంతో మొదలుపెట్టి, 30 రోజుల్లో వెళ్లిన అతి పొడవైన పరుగు ఎంతో చూసుకుని దాని దగ్గరకు రెండు మూడు ఆదివారాల్లో చేరాలి. చికెన్‌గున్యా వచ్చినవారి సంగతి వేరు. జ్వరం పోయినా కీళ్ల నొప్పులు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. ఆ ఏడాది పోటీ వదులుకోవడమే సరైన నిర్ణయం.

వారాన్ని లెక్కించే పద్ధతిలోనూ ఒక మోసం ఉంటుంది. ఆదివారం పెళ్లి ఉందని లాంగ్ రన్‌ను సోమవారానికి మారుస్తారు. తర్వాతి ఆదివారం మళ్లీ మామూలుగా వెళ్తారు. యాప్‌లో ఒక వారం ఖాళీగా, మరో వారం రెండు లాంగ్ రన్‌లతో కనిపిస్తుంది. నెల సగటు అందంగానే ఉంటుంది. కాళ్లకు మాత్రం రెండు పెద్ద పరుగుల మధ్య ఆరు రోజులే దొరికాయి. ఏ రోజుకు ఆ రోజు వెనక్కి ఏడు రోజులు కూడుకునే అలవాటున్నవారికి ఇది వెంటనే తెలుస్తుంది.

నొప్పి విషయంలో తేడా పట్టుకోవడం నేర్చుకోవాలి. లాంగ్ రన్ మరుసటి రోజు రెండు కాళ్లలోనూ తొడలు, పిక్కలు బిగుసుకుని ఉండి, నడుస్తుంటే సర్దుకుంటే అది మామూలే. ఒక్క కాలిలోనే, ఒకే చోట, పరుగెత్తేకొద్దీ పెరిగితే ఆగాలి. ముంగాలి ఎముక లోపలి అంచు పొడవునా, అరచేయి వెడల్పున సలుపుతుంటే ఎముక మీది పొర ఒత్తిడికి లోనైందని అనుమానించాలి. కొన్ని రోజులు దూరం తగ్గిస్తే ఇది తరచూ తగ్గుతుంది. అదే ఎముక మీద ఒక్క వేలితో చూపగలిగేంత చిన్న చోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి మానకపోయినా అది ఎముక చిట్లిన సూచన కావచ్చు. పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరును కలవాలి. తొలి దశలో ఇలాంటి చిట్లుడు మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగు మొదలుపెట్టినవారు కొన్నిసార్లు నెలల తరబడి ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది.

పదకొండో వారంలో దూరం 42 నుంచి 30కి తగ్గగానే చాలామందికి భయం మొదలవుతుంది. ఒళ్లు బరువెక్కినట్టు, ఇన్నాళ్ల కష్టం కరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. పోటీకి ఎనిమిది రోజుల ముందు ‘ఒకసారి 20 వెళ్లి చూస్తా’ అనుకునేది ఈ భయం వల్లే. రెండు వారాల్లో గుండె సాధించిన సామర్థ్యం పెద్దగా తగ్గదు. ఆ వారంలో చేసిన పెద్ద పరుగు వల్ల పోటీ రోజుకు కొత్త బలం కూడా రాదు. కాళ్లలో మిగిలేది అలసటే.

పోటీ రోజు 21.1 అంటే గత 30 రోజుల్లోని 18 మీద 17 శాతం ఎక్కువ. అంటే తొమ్మిది వారాలు పాటించిన హద్దును ఆ ఒక్క రోజు దాటుతున్నారు. హైదరాబాద్ మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు చాలా ఉన్నాయి, ఎక్కడమూ దిగడమూ తప్పదు. దిగేటప్పుడు మోకాళ్ల మీద, తొడ ముందు కండరాల మీద దెబ్బ ఎక్కువ. నెక్లెస్ రోడ్డు చదును మీదే శిక్షణంతా చేసినవారికి 18 తర్వాతి మూడు కిలోమీటర్లు కఠినంగా అనిపిస్తాయి. అందుకని తొమ్మిది, పది వారాల లాంగ్ రన్‌లలోనైనా రెండు మూడు ఎత్తులున్న దారిని ఎంచుకోవాలి. ఆ రోజు వేగం తగ్గినా పట్టించుకోనక్కరలేదు.

పోటీ తర్వాత వారం పరుగు లేకుండా నడకతో గడపాలి. మరో పోటీకి ప్రణాళిక వేసుకోవాలనుకుంటే పునాదిగా తీసుకోవాల్సింది శిఖరమైన 42ని కాదు. చివరి నాలుగు వారాలు 40, 42, 30, 31 కలిపి నాలుగుతో భాగిస్తే 36కి కొంచెం తక్కువ వస్తుంది. కాస్త తగ్గించి 32తో మొదలుపెడితే, డిసెంబరు చలిలో మరో పన్నెండు వారాలు పూర్తయ్యేసరికి లాంగ్ రన్ 20 దాటుతుంది.